కొట్టేసిన 24: సదిశా లబ్ధం, సమాంతర చతుర్భుజం, ఒక విద్యార్థిని

తిరుపతిలో ఒక డిగ్రీ కళాశాలలో మొదటి సంవత్సరం విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. ఈ కేసులోని అమ్మాయి ఎవరో తెలిసే వివరాలన్నీ తీసేశాను. ఆమె చిత్తూరు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేది, ఇంటర్‌లో గణితం బాగా చదివింది, నిర్ధారకాన్ని ఒక్క గుర్తు కూడా తప్పకుండా విస్తరించగలిగేది. కథకు ఈ మూడు విషయాలు చాలు. సూత్రం రానివాళ్ళ తప్పులు సరిదిద్దడం సులువు. సూత్రం పూర్తిగా వచ్చి, అది ఇచ్చిన సరైన జవాబును నమ్మలేకపోయిన విద్యార్థి దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. అందుకే రాస్తున్నాను.

సమస్య ఎలా బయటపడింది

స్లిప్ టెస్టులో ఒక లెక్క ఇచ్చాను. నట్టు మూలబిందువు దగ్గర ఉంది. దానికి బిగించిన స్పానర్ x అక్షం వెంట 0.30 మీటర్ల పొడవుంది. దాని చివర 100 న్యూటన్ల బలం పనిచేస్తోంది. ఆ బలం x దిశలో 60, y దిశలో 80 న్యూటన్లు. నట్టును తిప్పే ప్రభావం, అంటే స్థాన సదిశకూ బలసదిశకూ సదిశా లబ్ధమైన టార్క్ ఎంత? రెండో భాగంలో స్పానర్ తీసి, దాని స్థానంలో వంపు తిరిగిన ఒక గట్టి కడ్డీ పెట్టాను. ఆ కడ్డీ చివర (0.45, 0.20) మీటర్ల బిందువు దగ్గర ఉంటుంది. బలం అదే, దిశ అదే. ఇప్పుడు టార్క్ ఎంత?

మొదటి భాగానికి ఆమె 24 న్యూటన్ మీటర్లు అని సరిగ్గా రాసింది. రెండో భాగానికి నిర్ధారకం వేసి మళ్ళీ 24 తెచ్చింది. ఆ తర్వాత దాన్ని రెండు గీతలతో కొట్టేసి, పక్కన కొత్త లెక్క చేసింది. మూలబిందువు నుంచి కడ్డీ చివరకు దూరం 0.4924 మీటర్లు, దాన్ని 100తో గుణించి, మళ్ళీ 0.8తో గుణించి, 39.4 అని పెద్దగా రాసి చుట్టూ గీత గీసింది.

నేను ఆగింది ఆ కొట్టివేత దగ్గర. లెక్క తప్పితే ఎవరైనా కొట్టేస్తారు. ఇక్కడ ఒప్పును కొట్టేసింది. ఎందుకు కొట్టేశావమ్మా అని అడిగాను.

"పొడవు పెరిగింది కదా సార్. టార్క్ పెరగకుండా అదే ఎలా ఉంటుంది? నిర్ధారకంలో ఎక్కడో తప్పు చేసి ఉంటాననుకున్నాను."

ఈ మాట వెనుక అనుభవం ఉంది. చిత్తూరు రోడ్డు పక్కన లారీ టైర్ల దుకాణాల్లో స్పానర్‌కు ఇనుప పైపు తొడిగి, పొడవు పెంచి, బిగుసుకుపోయిన నట్టును విప్పడం ఆమె ఎన్నోసార్లు చూసింది. పొడవు పెరిగితే తిప్పడం సులువవుతుందన్నది కళ్ళతో చూసిన నిజం. అయితే అక్కడ పొడవు పెరిగినా, బలం స్పానర్‌తో చేసే కోణం మారలేదు. నా లెక్కలో పొడవుతో పాటు కోణమూ మారింది. ఆమె పాత కోణం సైన్ విలువ 0.8ని అలాగే ఉంచేసింది. 39.4 అక్కడి నుంచి వచ్చింది. ఇలాంటి జవాబు కనిపిస్తే లోపం గుణకారంలో వెతకకూడదు. ఏ రెండు సదిశల మధ్య కోణాన్ని వాడారో అడగాలి.

మొదటి ప్రయత్నం, ఎందుకు పనిచేయలేదు

నేను మొదట చేసింది అందరం చేసేదే. రెండు సదిశల తోకలనూ ఒకే బిందువు దగ్గర చేర్చి కోణం కొలవాలని చెప్పి, అలాంటివే ఆరు లెక్కలు ఇచ్చాను. ఆరూ సరిగ్గా చేసుకొచ్చింది. కొత్త కోణం 29 డిగ్రీల దగ్గర ఉందని, దాని సైన్ 0.487 అని, 0.4924ను 100తోనూ 0.487తోనూ గుణిస్తే 24 వస్తుందని తనే చూపించింది. ఇక సరిపోయిందనుకున్నాను.

వారం తర్వాత మాటల మధ్యలో, "రెండుసార్లూ 24 రావడం ఆ అంకెలు అలా కుదరడం వల్లే కదా సార్?" అంది. లెక్క చేయడం వచ్చింది కానీ, ఆ సమానత్వం ఆమెకు యాదృచ్ఛికంగానే మిగిలిపోయింది. జవాబు సరిచేయడానికి నేను ఇచ్చిన ఆరు లెక్కల్లో ఒక్కటైనా 24 మారకపోవడానికి కారణం అడగలేదు.

అప్పుడు సమాంతర చతుర్భుజం దగ్గరికి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. సదిశా లబ్ధం పరిమాణం ఆ రెండు సదిశలు భుజాలుగా గల సమాంతర చతుర్భుజ వైశాల్యం అని పాఠంలో ఒక వాక్యంలో చెప్పేసి వెళ్ళిపోయాను. ఆ వాక్యం గురించి ఆమెను అడిగితే రెండు సందేహాలు బయటికి వచ్చాయి. ఒకటి: మీటర్లనూ న్యూటన్లనూ గుణిస్తే వైశాల్యం ఎలా అవుతుంది? రెండు: భుజాల పొడవులు మారకపోతే చతుర్భుజం వాలినంత మాత్రాన వైశాల్యం ఎందుకు మారాలి?

పుల్లల చట్రం

రెండో సందేహంతో మొదలుపెట్టాను, ఎందుకంటే అది లేనిదే సైన్ అన్న మాటకు అర్థం లేదు. ఐస్‌క్రీం పుల్లలు నాలుగు తీసుకుని, మూలల్లో గుండుసూదులు గుచ్చి, 6 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్ల భుజాలుగల చట్రం చేశాం. దాన్ని గ్రాఫు కాగితం మీద పెట్టింది. నిటారుగా ఉన్నప్పుడు లోపల 30 చదరపు సెంటీమీటర్లు. పక్కకు వాల్చింది. పై పుల్ల కిందికి దిగడం మొదలైంది. 30 డిగ్రీల కోణం దగ్గర ఎత్తు రెండున్నర సెంటీమీటర్లకు పడిపోయి, లోపలి వైశాల్యం 15 అయింది. పూర్తిగా వాల్చేస్తే పుల్లలు ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి, లోపల ఏమీ మిగలలేదు.

ఆమె వేలితో చట్రాన్ని మెల్లగా వాలుస్తూ, నిలబెడుతూ చాలాసేపు కూర్చుంది. భుజాలు మారకపోయినా ఎత్తు మారుతుందని, ఆ ఎత్తే 5 సైన్ థీటా అని తనే చెప్పింది. సైన్ అంటే ఇప్పుడు ఆమెకు కాలిక్యులేటర్ బటన్ కాదు, పై పుల్ల దిగడం. బలాన్ని నట్టు వైపే గురిపెట్టి తోస్తే స్పానర్ ఎందుకు తిరగదో కూడా ఇందులోనే ఉంది: చట్రం పూర్తిగా పడుకుంది, వైశాల్యం సున్నా.

ఇక్కడ నేను ఆగిపోయి ఉంటే ఈ కేసు తప్పుగా ముగిసేది. మర్నాడు వంపు కడ్డీ లెక్కనే మళ్ళీ ఇచ్చాను. ఈసారి ఆమె, "కోణం తగ్గింది కాబట్టి చట్రం వాలింది, వైశాల్యం తగ్గాలి. 24 కంటే తక్కువ రావాలి" అంది. నిన్నటి వరకు పెరగాలన్న అమ్మాయి ఇవాళ తగ్గాలంటోంది. చట్రం నేర్పింది నిజమే, కానీ అక్కడ భుజాల పొడవులు మారవు. మా లెక్కలో కోణం తగ్గినప్పుడే భుజం పెరిగింది. నేను ఇచ్చిన పనిముట్టు సగం విషయాన్నే చూపించింది, మిగతా సగాన్ని దాచింది.

కాగితాల దస్తా

వాలడం రెండు రకాలు. పుల్లల చట్రంలా వాలితే భుజాలు మారవు, ఎత్తు తగ్గుతుంది. రెండోది చూపించడానికి బల్ల మీదున్న తెల్ల కాగితాల దస్తా తీసుకున్నాను. దాన్ని నిటారుగా పెట్టి, పక్క నుంచి చూడమన్నాను. దీర్ఘచతురస్రం. ఇప్పుడు పై కాగితాలను కొద్దికొద్దిగా పక్కకు జరిపాను. దస్తా పక్కకు వాలింది, పక్క నుంచి చూస్తే సమాంతర చతుర్భుజం.

"ఎత్తు?" అన్నాను.

"అదే."

"పక్కన కనిపించే కాగితం అంచుల మొత్తం?"

"కాగితాలు అవే కదా సార్." ఒక క్షణం ఆగింది. "కానీ వాలుగా ఉన్న భుజం పొడవు పెరిగింది."

ఇదే తొమ్మిదో తరగతిలో అందరం చదివిన సిద్ధాంతం: ఒకే భూమి మీద, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న సమాంతర చతుర్భుజాల వైశాల్యాలు సమానం. యూక్లిడ్ గ్రంథం మొదటి భాగంలో అది 35వ ప్రతిపాదన. ఆమెకు నిరూపణ కూడా గుర్తుంది. టార్క్‌తో దానికి సంబంధం ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు గ్రాఫు కాగితం మీద లెక్కనే గీయించాను. స్కేలు జాగ్రత్తగా ఎంచుకున్నాను, ఎందుకంటే ఆమె మొదటి సందేహానికి జవాబు అక్కడే ఉంది. దూరానికి ఒక సెంటీమీటరు అంటే 0.05 మీటరు. బలానికి ఒక సెంటీమీటరు అంటే 20 న్యూటన్లు. అప్పుడు కాగితం మీద ఒక చదరపు సెంటీమీటరు విలువ 0.05 మీటరును 20 న్యూటన్లతో గుణిస్తే వచ్చే ఒక న్యూటన్ మీటరు. పొలం గట్ల మధ్య ఉండే వైశాల్యం కాదిది. ఒక భుజాన్ని దూరంతో, రెండో భుజాన్ని బలంతో కొలిచిన బొమ్మలోని వైశాల్యం. బలం స్కేలు మారిస్తే చతుర్భుజం ఆకారం మారుతుంది, గడుల సంఖ్యా మారుతుంది, దానితోపాటు ఒక్కో గడి విలువా మారుతుంది. టార్క్ మాత్రం అదే.

మొదటి భాగం బొమ్మలో స్పానర్ అడ్డంగా 6 సెంటీమీటర్లు, బలం 3 అడ్డంగా, 4 నిలువుగా. భూమి 6, ఎత్తు 4, గడులు 24. రెండో భాగంలో కడ్డీ చివర అడ్డంగా 9, నిలువుగా 4 దగ్గర ఉంది. ఆ బిందువు ఎక్కడుందో చూడమన్నాను. మొదటి బలసదిశ బాణం ములుకు సరిగ్గా అక్కడే ఉంది. అంటే బలాన్ని దాని సొంత గీత వెంటే ముందుకు జరిపాం, గీత దాటలేదు. ఆ గీతనే క్రియారేఖ అంటాం.

బలసదిశను భూమిగా తీసుకుని కాగితాన్ని తిప్పి చూడమన్నాను. రెండు చతుర్భుజాలకూ భూమి ఒకటే, 5 సెంటీమీటర్ల బలం. ఎదుటి భుజాలు రెండూ ఒకే క్రియారేఖ మీద ఉన్నాయి. దస్తా జరిగింది, అంతే. మూలబిందువు నుంచి క్రియారేఖకు లంబ దూరం రెండింటిలోనూ 4.8 సెంటీమీటర్లు, అంటే 0.24 మీటరు. దాన్ని 100 న్యూటన్లతో గుణిస్తే 24. పొడవు పెరిగిన మేరకు సైన్ తగ్గింది. అది అంకెలు కుదరడం కాదు, దస్తాలో కాగితాల సంఖ్య మారకపోవడం.

బీజగణితంలో ఇది ఒక్క గీత. కొత్త స్థాన సదిశ అంటే పాతదానికి బలసదిశ దిశలో కొంత కలపడం:

```
(r + sF) × F = r × F + s (F × F) = r × F
```

`F × F` సున్నా. రెండు భుజాలూ ఒకే దిశలో ఉంటే చట్రం పూర్తిగా పడుకున్నట్టే. పుల్లల చట్రం ఇక్కడ మళ్ళీ పనికొచ్చింది.

నిర్ధారకం మీద ఆమెకు పోయిన నమ్మకాన్ని తిరిగి తేవడానికి ఇంకొక పని చేయించాను. రెండో చతుర్భుజం చుట్టూ 12కు 8 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం గీయించాను. అందులో 96 గడులు. చతుర్భుజానికి బయట మిగిలిన ముక్కలను లెక్కపెట్టింది: రెండు పెద్ద త్రిభుజాలు ఒక్కోటి 18, రెండు చిన్నవి ఒక్కోటి 6, మూలల్లో రెండు దీర్ఘచతురస్రాలు ఒక్కోటి 12. మొత్తం 72. తీసేస్తే 24. అవే ముక్కలను అక్షరాలతో రాస్తే `x₁y₂ − y₁x₂` మిగులుతుంది, అంటే 9 × 4 − 4 × 3. నిర్ధారకంలోని ఆ మైనస్ గుర్తు ఆ మూలల ముక్కలను తీసేయడం నుంచి వచ్చిందని చూశాక, తను కొట్టేసిన 24 మీద మళ్ళీ వేలు పెట్టింది.

చెక్క పలక

కాగితం మీద ఒప్పుకున్నా, చేతికి తెలియాలన్నది నా పట్టుదల. ప్రయోగశాలలో ఒక ప్లైవుడ్ పలకను బల్ల మీద పడుకోబెట్టి, ఒక చోట మేకుతో కదురులా బిగించాం. పడుకోబెట్టడానికి కారణముంది: నిలబెడితే పలక బరువు కూడా టార్క్ ఇస్తుంది, లెక్క కలగాపులగమవుతుంది. మేకు నుంచి కొలిచి (30, 0), (45, 20) సెంటీమీటర్ల దగ్గర రెండు రంధ్రాలు చేశాం. పలక అవతలి వైపు, మేకుకు 20 సెంటీమీటర్ల దూరంలో, లంబంగా లాగుతూ పలక తిరగకుండా ఆపడానికి ఒక స్ప్రింగ్ త్రాసు తగిలించాం.

ఆమె మొదటి రంధ్రానికి దారం కట్టి, రెండో రంధ్రం వైపు గీసిన గీత వెంట 10 న్యూటన్లతో లాగింది. ఆపే త్రాసు 12 న్యూటన్ల దగ్గర నిలిచింది. ఇప్పుడు దారాన్ని రెండో రంధ్రానికి మార్చాలి. లాగే ముందు ఆమె చేత రాయించాను: పాత నమ్మకం ప్రకారం ఎంత రావాలి? 39.4లో పదో వంతు 3.94 న్యూటన్ మీటర్లు, దాన్ని 0.20తో భాగిస్తే 20కి దగ్గర. 12కూ 20కీ తేడా పెద్దది, మేకు దగ్గరి రాపిడి దాన్ని దాచలేదు.

అదే గీత వెంట, అదే 10 న్యూటన్లతో లాగింది. ముల్లు 12కు కాస్త అటూ ఇటూ కదిలి ఆగింది. తర్వాత నేను చెప్పకుండానే దారాన్ని గీత నుంచి పక్కకు తిప్పి లాగి చూసింది. ముల్లు వెంటనే మారింది. గీత తప్పితే టార్క్ మారుతుందని, గీత మీద ఎక్కడ పట్టుకున్నా మారదని చేత్తో తెలుసుకుంది. టైర్ల దుకాణంలో పైపు గురించి కూడా అప్పుడే మళ్ళీ అడిగాను. పైపు తొడిగినప్పుడు చెయ్యి బలం గీత వెంట జరగలేదని, గీతే నట్టుకు దూరంగా జరిగిందని చెప్పింది. ఆమె పాత అనుభవం తప్పు కాదు, అది వేరే రకం కదలిక.

ఒక పరిమితి ఆమెకు స్పష్టంగా చెప్పాను. బలాన్ని క్రియారేఖ వెంట జరపవచ్చు అన్నది గట్టి వస్తువు తిరుగుడు వరకే నిజం. కడ్డీ ఎక్కడ వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అన్న ప్రశ్నకు బలం తగిలే చోటు ముఖ్యమే.

దిశ దగ్గర ఆగిన చోటు

మూడు వారాల తర్వాత వేరే అంకెలతో అలాంటి లెక్కే ఇస్తే, సూత్రం రాయకముందే క్రియారేఖ గీసి, లంబ దూరం కొలిచి, జవాబు సరిచూసుకోవడానికి మాత్రమే నిర్ధారకం వేసింది. వచ్చే ఏడాది నుంచి పుల్లల చట్రాన్నీ కాగితాల దస్తానూ ఒకే గంటలో పక్కపక్కనే పెట్టి చూపించాలనుకుంటున్నాను. ఒకదాన్ని ఒక రోజు, ఇంకొకదాన్ని ఇంకో రోజు చూపితే మొదటిదే అన్ని చోట్లా వర్తిస్తుందని పిల్లలు అనుకుంటారు. ఈ అమ్మాయి విషయంలో నేను చేసిన పొరపాటు అదే.

దిశ విషయం మాత్రం తొందరగా తేలలేదు. తిరిగేది కాగితం తలంలో, టార్క్ బాణం కాగితం నుంచి మన వైపు. ఎందుకలా? తలం వాలును ఒకే బాణంతో చెప్పాలంటే తలానికి లంబంగా ఉన్న గీత ఒక్కటే కదలకుండా ఉంటుందని, అదే ఇరుసు అని చెప్పాను. ఆ గీత మీద పైకా కిందికా అన్నది కుడిచేతి నియమం తేలుస్తుంది. మామూలు నట్టును మన వైపు నుంచి చూస్తూ అపసవ్య దిశలో తిప్పితే అది వదులై మన వైపు వస్తుంది, టార్క్ బాణమూ మన వైపే. ఈ ఉదాహరణ ఆమెకు నచ్చింది.

రెండు రోజుల తర్వాత వచ్చి, "మా తమ్ముడి సైకిల్ ఎడమ పెడల్‌ను మెకానిక్ ఎదురు దిశలో తిప్పి ఊడదీశాడు సార్. సవ్య దిశలో తిప్పితే అది బయటికి వచ్చింది. అక్కడ టార్క్ లోపలి వైపు ఉంది, పెడల్ బయటి వైపు వచ్చింది" అంది.

ఆమె గమనించింది నిజమే. సైకిల్ ఎడమ పెడల్‌కు మరలు ఎడమ చుట్టుగా కోస్తారు. అక్కడ బాణం, కదలిక రెండూ ఎదురెదురుగా పోతాయి. నట్టు బాణానికి గుర్తు మాత్రమే, కారణం కాదు. గడులు 24 అన్నది నిజం, ఇరుసు గీత నిజం. ఆ గీతలో ఏ కొన బాణం ములుకు కావాలన్నది మాత్రం మనుషులు కలిసి ఒప్పుకున్న పద్ధతి. అందరూ ఎడమచేతి నియమం వాడినా ఆ పలక ఇలాగే తిరుగుతుంది, త్రాసు ముల్లు 12 దగ్గరే ఆగుతుంది.